డికాషన్ తగ్గించే లెక్క

కాఫీ మానేసిన మొదటి పూట ఏమీ కాదు. ఇబ్బందల్లా 12 నుంచి 24 గంటల మధ్య మొదలవుతుంది. కణతల దగ్గర లాగినట్టు, కళ్ల వెనక బరువుగా నొప్పి. ఆవులింతలు, దేని మీదా మనసు నిలవకపోవడం, పలకరిస్తే చాలు విసుక్కోవడం. రెండో రోజుకి ఇది బాగా ముదురుతుంది. వారం, తొమ్మిది రోజుల్లో పోతుంది. ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్లలో కొందరికి వచ్చే తలనొప్పికీ ఇదే కారణం కావచ్చు.

పని చేసేకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అలసటను తెలియజేసేది అదే. అది వెళ్లి కూర్చోవాల్సిన చోట కెఫీన్ ముందే కూర్చుంటుంది, అందుకే కాఫీ తాగితే హుషారు. రోజూ ఇలాగే జరుగుతుంటే మెదడు అడినోసిన్ కోసం మరిన్ని చోట్లు తయారు చేసుకుంటుంది. ఒక్కసారిగా కెఫీన్ రాకపోతే అవన్నీ అడినోసిన్‌కే దక్కుతాయి. మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, తల పగిలిపోతుంది. ఇందులో మనోబలం లోపమేమీ లేదు. రోజుకి ఒక్క కప్పు తాగేవాళ్లకీ ఇది రావచ్చు.

అందుకే కోత మెల్లగా ఉండాలి. చికోరీలో కెఫీన్ లేదు, పైగా రంగూ చేదూ ఇస్తుంది. మన ఫిల్టర్ కాఫీకి ఇది కలిసొచ్చే విషయం. రోజుకి నాలుగు గ్లాసులు తాగే ఒక పంతులమ్మ ఇంట్లో డికాషన్‌కి ఎనిమిది చెంచాల అసలు కాఫీపొడి పడుతుందనుకుందాం. మొదటి వారం ఆరు చెంచాల పొడి, రెండు చెంచాల చికోరీ. రెండో వారం నాలుగూ నాలుగూ. మూడో వారం రెండూ ఆరూ. నాలుగో వారం ఒక్క చెంచా పొడి, ఆ తర్వాత అదీ ఆపేయవచ్చు. గ్లాసులు అవే, వేళలు అవే, నురగా అదే. మీరు కొనే పొడిలో ఇప్పటికే చికోరీ ఉంటే, ప్యాకెట్ మీద ఎంత శాతమో చూసి లెక్క వేసుకోవాలి.

ఏ వారమైనా తలనొప్పి వస్తే వెనక్కి వెళ్లనక్కర్లేదు. అదే కొలతలో ఇంకో మూడు నాలుగు రోజులుంటే చాలు. కాఫీ తగ్గించి టీ పెంచితే మాత్రం ఆ లెక్కంతా తప్పుతుంది, టీలోనూ కెఫీనే. కొన్ని కూల్‌డ్రింకులూ అంతే. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ అది కలిపి ఉంటుంది, అట్ట వెనక చదవండి.

ఇది మానేసినందువల్ల వచ్చిన నొప్పో కాదో తేల్చుకోవాలంటే అరగ్లాసు కాఫీ తాగండి. సాధారణంగా గంటలోపు తగ్గిపోతుంది. కానీ హఠాత్తుగా, ఎన్నడూ లేనంత తీవ్రంగా నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా ఈ పరీక్ష పెట్టుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.