ఒక బిల్లు, రెండు నెలలు, ముగ్గురు వాటాదారులు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లు బ్రాడ్‌బ్యాండ్ బిల్లు పంచుకునే పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు బిల్లు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అందరూ కింద ఉన్న మొత్తం చూసి, తలల లెక్కన భాగించి డబ్బు పంపేస్తారు. ఇలా చేస్తే నెలనెలా ఎవరో ఒకరు తమది కాని ఖర్చు మోస్తారు. ఎందుకంటే బిల్లులోని ప్రతి పద్దూ ఒకే నెలది కాదు, అందరిదీ కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు. ఆగస్టులో ఇద్దరే ఉన్నారు. సెప్టెంబర్ 11న మూడో మనిషి చేరాడు. సెప్టెంబర్ 1 తేదీతో వచ్చిన బిల్లులో ఇలా ఉంది: నెల అద్దె 900 రూపాయలు, వాడకం ఛార్జీలు 150, లేట్ ఫీజు 50. ఈ మూడూ కలిపి 1,100. దాని మీద సీజీఎస్టీ 99, ఎస్జీఎస్టీ 99. కట్టాల్సింది 1,298 రూపాయలు. మూడుతో భాగిస్తే ఒక్కొక్కరికి దాదాపు 433 పడుతుంది. కొత్తగా చేరినవాడు నిజంగా ఇవ్వాల్సింది అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

ముందు తేదీలు చూడాలి. నెల అద్దె పక్కన చిన్న అక్షరాల్లో సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు అని ఉంటుంది. అంటే అద్దెను ముందుగానే వసూలు చేస్తున్నారు. వాడకం ఛార్జీల పక్కన ఆగస్టు తేదీలుంటాయి. వాడితేనే గదా లెక్క తేలేది, అందుకని అది గడిచిన నెలది. లేట్ ఫీజు కూడా ఆగస్టు బిల్లును గడువు దాటాక కట్టినందుకు పడ్డదే. ఇలా ఒకే కాగితం మీద రెండు నెలలు కలిసి ఉన్నాయి. కొన్ని ప్లాన్లలో అద్దె కూడా నెల గడిచాకే వస్తుంది. కాబట్టి బిల్లు ఏ నెలలో వచ్చిందన్నది కాదు, పద్దు పక్కన ఏ తేదీలున్నాయన్నదే చూడాలి.

ఇక వాడకం ఛార్జీల సంగతి. ఇంట్లో ఒకరు రాత్రంతా సినిమాలు చూస్తే ఆ 150 వాళ్ల మీద వేయాలనిపిస్తుంది. కానీ అన్‌లిమిటెడ్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో సాధారణంగా డేటా పరిమితి దాటితే వేగం తగ్గుతుందే తప్ప బిల్లు పెరగదు. ఈ వరుసలో డబ్బు కనబడిందంటే చాలావరకు అది ప్లాన్‌లో లేని కాల్స్‌దే. మన ఉదాహరణలో అది ల్యాండ్‌లైన్ నుంచి దుబాయ్‌కి చేసిన కాల్స్ ఖర్చు. అక్కడ వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి కనుక అన్నతో మాట్లాడటానికి ఒకరు మామూలు ఫోనే వాడారు. ఆ వివరం మొదటి పేజీలో ఉండదు. లోపలి పేజీలో నంబరు, తేదీ, నిమిషాలతో ఉంటుంది. గ్రూపులో మొదటి పేజీ ఒక్కటే పెడితే ఈ పద్దు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

పన్నును విడిగా తీసి తలా ఇంత అని పంచకూడదు. ఫోన్, ఇంటర్నెట్ సేవల మీద జీఎస్టీ 18 శాతం. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. లేట్ ఫీజు మీద కూడా అంతే పడుతుంది. ఆలస్యంగా కట్టినందుకు వసూలు చేసే వడ్డీ, రుసుము, జరిమానా కూడా సేవ విలువలో భాగమేనని జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఏ ఖర్చు ఎవరిదో దాని పన్నూ వాళ్లదే. దుబాయ్ కాల్స్ 150కి పన్ను 27, మొత్తం 177. లేట్ ఫీజు 50కి పన్ను 9, మొత్తం 59. అద్దె 900కి పన్ను 162, మొత్తం 1,062. ఈ మూడూ కలిపితే మళ్లీ 1,298 వస్తుంది.

ఇప్పుడు అద్దె పంచుదాం. 1,062ని 30 రోజులకు భాగిస్తే రోజుకు 35 రూపాయల 40 పైసలు. మొదటి 10 రోజులకు 354 రూపాయలు. అప్పుడు ఇద్దరే ఉన్నారు కాబట్టి చెరో 177. మిగతా 20 రోజులకు 708, ముగ్గురికి తలా 236. అంటే అద్దె కింద పాతవాళ్లు చెరో 413 ఇవ్వాలి, కొత్తవాడు 236 ఇవ్వాలి. కాల్స్ చేసినవాడు 177 కలుపుకుని 590 ఇస్తాడు. ఆగస్టు బిల్లు కట్టాల్సిన బాధ్యత తీసుకుని ఆలస్యం చేసినవాడు 59 కలుపుకుని 472 ఇస్తాడు. కొత్తవాడి వాటా 236 దగ్గరే ఆగుతుంది.

ఈ లెక్కంతా ఫొటోలో అంకెలు సరిగా చదివితేనే నిలబడుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు దాని పరిమాణం తగ్గుతుంది. చిన్న అక్షరాలు అలుక్కుపోయి 5, 8లా కనబడొచ్చు, చుక్క మాయమై పైసలు రూపాయల్లో కలిసిపోవచ్చు. ఇలాంటప్పుడు పన్ను వరుసే సాక్ష్యం. లేట్ ఫీజు 50నా, 80నా అని అనుమానం వచ్చిందనుకోండి. 80 అయితే మూడు పద్దుల మొత్తం 1,130 అవుతుంది, పన్ను 203 రూపాయల 40 పైసలు ఉండాలి. బిల్లులో ఉన్నది 198. కాబట్టి అది 50. అసలు ఆ వరుసే ఫొటోలో పడకపోయినా, 198ని 18తో భాగించి 100తో గుణిస్తే 1,100 వస్తుంది. అందులోంచి అద్దె, వాడకం తీసేస్తే మిగిలేది 50. రౌండింగ్ వల్ల కొన్ని పైసలు తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. రూపాయల్లో తేడా వస్తే ఏదో పద్దు తప్పు చదివినట్టో, వదిలేసినట్టో లెక్క.

ఈ పరీక్షలో పాత బాకీని కలపకూడదు. దాని పన్ను పోయిన బిల్లులోనే పడిపోయింది. ఇప్పుడు మళ్లీ 18 శాతం వేస్తే రెండోసారి వేసినట్టే. తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద కూడా పన్ను ఉండదు. అంకె ముందు మైనస్ గుర్తు గానీ, పక్కన సీఆర్ అని గానీ ఉంటే అది మన ఖాతాలో జమ, కట్టాల్సిన సొమ్ము కాదు. ఫొటోలో ఈ చిన్న గుర్తే ముందు చెరిగిపోతుంది.

ఇంకో అంకె కూడా చాలామందిని తడబెడుతుంది. గడువులోగా కడితే ఇంత, దాటితే ఇంత అని బిల్లులో రెండు మొత్తాలు ఉంటాయి. రెండోది రాబోయే లేట్ ఫీజు కలిపినది. గడువు ఉండగా దాన్ని పంచితే కట్టక్కర్లేని డబ్బు వసూలు చేసినట్టే. ఆగస్టు బిల్లు సమయానికే కట్టినా లేట్ ఫీజు పడిందనిపిస్తే, కంపెనీకి సొమ్ము అందిన తేదీ బిల్లులో చూసి, యూపీఐ రసీదులోని తేదీతో పోల్చాలి. తేడా ఉంటే కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. ఆ సంగతి తేలేదాకా ఆ 59 రూపాయలు ఎవరి మీదా వేయకపోవడమే న్యాయం.

కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఫొటోకు బదులు కంపెనీ యాప్ నుంచి పీడీఎఫ్ దించి, అన్ని పేజీలూ డాక్యుమెంట్‌గా పంపాలి. కింద మూడు వాక్యాలు రాయాలి: అద్దె ఏ తేదీల నుంచి ఏ తేదీల వరకు, వాడకం ఛార్జీ ఏ నెలది, లేట్ ఫీజు ఏ బిల్లుకు పడింది. ఆ మూడూ రాస్తే ఎవరి వాటా ఎంతో వాళ్లే లెక్క కట్టుకోగలుగుతారు, తప్పుంటే గడువులోగానే చెప్పగలుగుతారు.