కథలన్నీ వచ్చి చేరే ఇల్లు

అగ్నిహోత్రావధానులు రెండో కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్ళి చేయడానికి కృష్ణరాయపురం అగ్రహారం నుంచి రామచంద్రపురం బయల్దేరాడు. ఇంటిల్లిపాదీ బళ్ళెక్కారు. విధవరాలైన పెద్దకూతురు బుచ్చమ్మ వెంట ఉంది. కొడుక్కి ఇంగ్లీషు చెప్పే గిరీశమూ వెంట ఉన్నాడు. తీరా గమ్యం చేరి చూసుకుంటే సుబ్బి ఉంది గానీ, బుచ్చమ్మా లేదు, గిరీశమూ లేడు. ఒక కూతురి పెళ్ళికని కట్టిన బళ్ళే ఇంకో కూతురు ఇల్లు దాటడానికి దారి చూపాయి.

'కన్యాశుల్కం'లో ఈ మలుపు నాకు ఒక పాఠంలా కనిపిస్తుంది. ముసలివాడికి పిల్లను అమ్మే పెళ్ళి ప్రధాన కథ. గిరీశం, బుచ్చమ్మల వ్యవహారం ఉపకథ. ఉపకథ సాగడానికి రచయిత వేరే ఏర్పాటేదీ చేయలేదు. ప్రధాన కథ తన పని మీద తాను పోతుంటే, ఆ కదలిక మీదే ఉపకథ కూడా ముందుకు వెళ్ళింది. నవలో, నాటకమో, సినిమా కథో రాయాలనుకునేవాళ్ళు ఉపకథను ఎలా పథకం వేసుకోవాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మన భాషలో నాకు కనబడలేదు.

గురజాడ ఈ నాటకాన్ని ఒక్క ఊపులో ఈ రూపానికి తేలేదు. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పును ఆయన బాగా పెంచి, మార్చి, దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఇవాళ మనం చదివేది దాన్నే. ఇన్ని పాయలు ఒకచోటికి చేరాలంటే మళ్ళీ మళ్ళీ కూర్చుని అల్లుకోవాల్సిందేనని ఆ రెండు కూర్పులే చెబుతున్నాయి.

ముందు ప్రతిధ్వని సంగతి చూద్దాం. ఉపకథ ప్రధాన కథను పోలి ఉండాలనగానే చాలామంది అదే సంఘటనను మరో జంటకు జరిపిస్తారు. కథానాయకుణ్ణి తండ్రి అపార్థం చేసుకుంటే, అతని స్నేహితుణ్ణి కూడా వాడి తండ్రి అపార్థం చేసుకుంటాడు. అది ప్రతిధ్వని కాదు, పునరుక్తి. రెండోసారి చదివినప్పుడు పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ప్రశ్న ఒకటే అయి, జవాబు మారినప్పుడే ప్రతిధ్వని పుడుతుంది.

'కన్యాశుల్కం'లో పాయలన్నిటి కిందా ఉన్న ప్రశ్న ఇది: ఆడదాని బతుక్కి వెల కట్టేది ఎవరు? సుబ్బి విషయంలో కట్టేది తండ్రి. పిల్ల నోరు విప్పే ప్రసక్తే లేదు. తల్లి వెంకమ్మ నూతిలో పడబోయినా ఆయన పట్టు సడలదు. బుచ్చమ్మ అలాంటి పెళ్ళి అయిపోయాక మిగిలే మనిషి. సుబ్బికి రేపు ఏం జరగబోతోందో అదే ఇంట్లో అక్క రూపంలో మన కళ్ళెదుట తిరుగుతూ ఉంటుంది. మధురవాణి వేశ్య. ఆమెకూ వెల ఉంది, కానీ బేరం ఆడేది ఆమే. మగవాళ్ళ మాటల్లో ఏది సరుకో, ఏది డాబో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇక నాలుగో పాయ కరటకశాస్త్రి ఎత్తు. సుబ్బి మేనమామ అయిన ఆయన తన శిష్యుడికి ఆడవేషం వేసి, తక్కువ ధరకి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. ఇక్కడ పిల్లే లేదు, వెల మాత్రం ఉంది. బేరమే ముఖ్యమైనచోట సరుకు మగపిల్లాడైనా ఎవరూ గుర్తుపట్టరన్నమాట. నలుగురి కథల్లో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని వల్లె వేయదు. అయినా ఏ రంగం చదివినా మనం అదే ప్రశ్న దగ్గర ఉంటాం.

కాబట్టి పథకం వేసుకునేటప్పుడు మొదటి పని, కాగితం మీద ఆ ఒక్క ప్రశ్న రాసుకోవడం. దాని కింద పాయకొక వరుస గీసి, ఆ పాయ ఆ ప్రశ్నకి ఇచ్చే జవాబు ఒక్క వాక్యంలో రాయాలి. రెండు వరుసల్లో ఒకే వాక్యం వస్తే అందులో ఒక పాయ అనవసరం. ఏ జవాబూ రాయలేకపోతే ఆ పాయ ఎంత సరదాగా ఉన్నా ఈ కథది కాదు.

రెండో పని మరింత కష్టమైనది, పాయల్ని ఒకచోటికి చేర్చడం. దీన్ని మొదటి నుంచి చివరికి ఆలోచిస్తే చిక్కుల్లో పడతాం. చివరి నుంచి వెనక్కి రావాలి. 'కన్యాశుల్కం' ముగింపు విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంట్లో జరుగుతుంది. ఆ ఇల్లే ఎందుకు? కొత్త పెళ్ళాం మాయమయ్యేసరికి ఆ పిల్లను చంపాడన్న నింద లుబ్ధావధాన్లు మీద పడింది. అతణ్ణి కాపాడాలని తాపత్రయపడుతున్నది సౌజన్యారావే. సంస్కర్తనని చెప్పుకుంటూ బుచ్చమ్మను పెళ్ళాడతానని గిరీశం ఆశ్రయించిందీ ఆ సౌజన్యారావునే. రెండు పాయలకి రెండు అవసరాలు, ఆ రెండూ తీరేది ఒకే గడపలో. ఎవరినీ యాదృచ్ఛికంగా లాక్కురావలసిన పని లేదు.

ఇక ఆ గడపలో ముడి విప్పగలిగిన మనిషి ఎవరు? పెళ్ళికూతురు ఆడపిల్లే కాదని తెలిసి ఉండాలి. గిరీశం అసలు స్వరూపం కూడా తెలిసి ఉండాలి. ఈ రెండు అర్హతలూ ఉన్నది మధురవాణికే. ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూడండి. నాటకం మొదట్లోనే ఆమె విజయనగరంలో గిరీశం ఉంచుకున్న మనిషి. పూటకూళ్ళమ్మ వెతుక్కుంటూ వస్తే గిరీశం ఆమె మంచం కింద దూరతాడు. అక్కడ అప్పటికే రామప్పంతులు నక్కి ఉంటాడు. చూసేవాళ్ళు పడీ పడీ నవ్వే ఆ మంచం కిందే రెండు కథలూ మొదటిసారి తగులుకున్నాయి. తరవాత మధురవాణి అదే రామప్పంతులు వెంట రామచంద్రపురం వెళుతుంది. దొంగపెళ్ళి బేరంలో పంతులు పెద్దమనిషి, కరటకశాస్త్రికి సాయం చేసేది మధురవాణి. మాయపెళ్ళికూతురి మెడలోకి వెళ్ళిన కంటె కూడా ఆమెదే. అంటే చివర్లో ఆమెకు తెలిసి ఉండాల్సిన ప్రతి సంగతీ ఆమె ఇంట్లోనో, ఆమె కళ్ళెదుటో ముందే జరిగిపోయింది.

అందుకే ఆమె మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వచ్చి నిజం బయటపెట్టినప్పుడు ఒక్క ఘట్టంలో ఇన్ని పనులు జరుగుతాయి. లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్యానేరం నిలవదు. గిరీశం ముసుగు జారుతుంది. బుచ్చమ్మకి అతని చేతిలోంచి విడుదల దొరికి, పూనాలోని విధవాశ్రమానికి దారి తెరుచుకుంటుంది. వేశ్యల నీడ కూడా పడనివ్వని సౌజన్యారావు తన నమ్మకాన్ని తానే పరీక్షించుకోవలసి వస్తుంది. ఇంకో సంగతి గమనించండి. మధ్యలో ఒక మగపిల్లాడు ఆడవేషం వేసి అబద్ధాన్ని నడిపాడు. చివర్లో ఒక ఆడది మగవేషం వేసి ఆ అబద్ధాన్ని విప్పింది. సంస్కర్త వేషంలో ఉన్నవాడు ఆ ఇద్దరి మధ్యా దొరికిపోయాడు.

ఈ నాటకంలోనూ పట్టు సడలిన చోట్లు లేకపోలేదు. అంత కీలకమైన సౌజన్యారావు, ముగింపు దగ్గరపడ్డాక గానీ మన ముందుకు రాడు. బైరాగీ, హెడ్డు కనిస్టీబూ చేరి తాగుతూ మాట్లాడుకునే రంగం విడిగా ఎంత రుచిగా ఉన్నా, దాన్ని తీసేస్తే చివరి ముడికి పెద్ద లోటు రాదు. గురజాడ సంభాషణకి అంత బలం ఉంది కాబట్టి అది నిలబడింది. మనం రాసేటప్పుడు ఆ ధైర్యం చేయకపోవడం మంచిది.

ఇదే పద్ధతిలో ఒక చిన్న కథను వేసి చూద్దాం. చిన్న ఊళ్ళో ఒక దర్జీ. స్నేహితుడి బ్యాంకు అప్పుకి షూరిటీ సంతకం పెట్టాడు. స్నేహితుడు వాయిదాలు ఎగ్గొట్టి కనిపించకుండా పోయాడు. ఇదీ ప్రధాన కథ. అడుగున ఉన్న ప్రశ్న: ఒకరి మాటకి మనం ఎంతవరకు పూచీ పడగలం? ఉపకథ దర్జీ కూతురిది. తన స్నేహితురాలు ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే, ఆ చిరునామా ఎవరికీ చెప్పనని ఒట్టు వేసింది. ఇంకో ఉపకథ కొట్లో పాతికేళ్ళుగా మిషను తొక్కుతున్న పనివాడిది. పెద్ద షాపువాళ్ళు ఎక్కువ జీతమిస్తామని పిలుస్తున్నారు.

ఇక్కడిదాకా మూడు కథలు పక్కపక్కన నడుస్తున్నాయంతే. ఇప్పుడు చివరి నుంచి రండి. నోటీసు గడువు ముగిసే రోజు దర్జీకి కావాల్సింది ఒక్కటే, స్నేహితుడు ఎక్కడున్నాడో తెలియడం. అది ఎవరికి తెలిసే వీలుంది? కూతురి స్నేహితురాలు ఆ స్నేహితుడి కూతురే అనుకోండి. తండ్రి ఊరొదిలి తలదాచుకున్నది ఆ పిల్ల దగ్గరే. ఇప్పుడు దర్జీ కూతురు నోరు విప్పితే ఒట్టు తప్పుతుంది, విప్పకపోతే తండ్రి కొట్టు పోతుంది. తండ్రి మాట నిలబెట్టుకుని మునిగాడు. కూతురు మాట తప్పితే గానీ ఆయన్ని గట్టెక్కించలేదు. ప్రశ్న అదే, జవాబు తలకిందులైంది. ఆ ఇద్దరు పిల్లల స్నేహాన్ని మాత్రం మొదటి పేజీల్లోనే చూపించాలి. షూరిటీ సంతకం పెట్టే రోజున స్నేహితుడి వెంట ఆ పిల్ల కొట్టుకి వచ్చి, జాకెట్టు కొలతలిస్తూ దర్జీ కూతురితో గుసగుసలాడితే చాలు. పాఠకుడు దాన్ని ఆ ఇంటి సందడిగా చదివి దాటిపోతాడు. చివర్లో గుర్తు తెచ్చుకుంటాడు.

మరి పనివాడు? అతణ్ణి కథలోంచి తీసేసి చూడండి. గడువు రోజు జరిగేది అక్షరం కూడా మారదు. అంటే ఆ పాయ ఇంకా ముడిలో లేదు. తీసేయడం ఒక దారి. ఇంకో దారి, ఆ అప్పు పత్రం మీద రెండో షూరిటీ సంతకం అతనిదే చేయడం. ఎక్కువ జీతానికి పోవాలా, యజమాని నమ్మి పెట్టించిన సంతకాన్ని మోస్తూ ఉండాలా అన్నది అతని సొంత ప్రశ్న అవుతుంది. నోటీసు అతనింటికీ వస్తుంది. గడువు రోజు అతనూ ఆ కొట్లోనే ఉండక తప్పదు.

నేను చదివే రాతప్రతుల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. ఉపకథలు చివరి అధ్యాయంలో ఒకే పెళ్ళి పందిట్లోనో, ఒకే ఆసుపత్రి వరండాలోనో కలుస్తాయి గానీ, ఒకదాని ఫలితం ఇంకోదాన్ని కదపదు. మనుషులు చేరారు, కథలు చేరలేదు. దాన్ని పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ గదిలో ఒకరు నోరు విప్పితే ఎంతమంది బతుకులు మారతాయి? ఒక్కరిదే అయితే మిగతా పాయలు వట్టి అతిథులు. సౌజన్యారావు ఇంట్లో మధురవాణి నోరు విప్పింది. ఆ పూట ముసలివాడు ఉరి తప్పించుకున్నాడు, బుచ్చమ్మ దారి మారింది, గిరీశం రెక్కలు విరిగాయి. వాళ్ళందరూ ఆ గడప దాకా నడిచి వచ్చిన దారి, ఆ రోజు విజయనగరంలో ఒక మంచం కిందే మొదలైంది.