బిల్లింగ్ కొండ మీద చూసుకోవాల్సిన ఐదు బిగింపులు

హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో బిల్లింగ్ అనే పచ్చిక కొండ సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి పారాగ్లైడర్లు గాల్లోకి లేచి, దాదాపు 900 మీటర్ల దిగువన ఉన్న బీర్ గ్రామం దగ్గరి మైదానంలో దిగుతాయి. 2015లో ఇక్కడ పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. పోటీలకు వచ్చేవారు ఒంటరిగా ఎగురుతారు. పర్యాటకులది టాండెమ్ ప్రయాణం. అంటే ఒకే రెక్క కింద వెనక పైలట్, ముందు ప్రయాణికుడు వేలాడుతూ వెళతారు. ప్రయాణికుడికి శిక్షణ అక్కర్లేదు. అందుకే అతని భద్రత అంతా పైలట్ చేతిలోనూ, ఆ పైలట్‌ను పెట్టుకున్న నిర్వాహకుడి చేతిలోనూ ఉంటుంది.

ప్రయాణానికి తేదీలు కుదుర్చుకునేటప్పుడే భద్రత లెక్క మొదలవుతుంది. వర్షాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు హిమాచల్‌లో పారాగ్లైడింగ్ నిషేధం. ఆ రోజుల్లో ఎగరేస్తామని ఎవరైనా ముందుకొస్తే, వారి గురించి ఇక వేరే విచారణ అవసరం లేదు. అక్టోబర్, నవంబర్ నెలలు, మళ్లీ మార్చి తరువాతి వేసవి నెలలు అనుకూలమైనవి. ఆ నెలల్లోనూ ప్రతి రోజూ ఎగరడానికి పనికిరాదు. ఎండకు కొండవాలు వేడెక్కే కొద్దీ వేడిగాలి స్తంభాల్లా పైకి లేస్తుంది. ఎక్కువసేపు ఎగరాలనుకునే అనుభవజ్ఞులు దాని కోసమే ఎదురుచూస్తారు. మొదటిసారి ఎగిరేవారికి మాత్రం అదే కుదుపు, వాంతి, భయం. వారికి ఉదయం పూటో, ఎండ తగ్గాక సాయంత్రమో మేలు.

కనుక బీర్‌లో కనీసం రెండు పూర్తి రోజులు ఉండేలా చూసుకోవాలి. తిరుగు బస్సు ఎక్కాల్సిన రోజున ఎగరడం పెట్టుకుంటే, గాలి బాగోలేకపోయినా ‘ఎలాగో ఒకలా కానిచ్చేద్దాం’ అనే ఒత్తిడి ప్రయాణికుడి నుంచే మొదలవుతుంది. వాతావరణం వల్ల ఆగిపోతే డబ్బు తిరిగి ఇస్తారా, మరుసటి రోజుకు మారుస్తారా అన్నది ముందే అడగాలి. ఎగిరితేనే డబ్బు మిగిలే నిర్వాహకుడికి గాలి ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది.

పైలట్లు, నిర్వాహకులు రాష్ట్ర పర్యాటక శాఖ వద్ద నమోదు కావాలి. పరికరాలకూ అనుమతి ఉండాలి. హోటల్ గుమాస్తానో, ట్యాక్సీ డ్రైవరో, హైదరాబాద్‌లోని ట్రావెల్ ఏజెంటో కుదిర్చిపెడితే, అసలు ఎగరేసేది ఏ సంస్థ, ఏ పైలట్ అని అడిగి తెలుసుకోవాలి. పైలట్ కార్డు మీది ఫొటో, ఎదుట ఉన్న మనిషి ఒకరేనా అన్నది చూడటానికి అరనిమిషం చాలు. అడిగినందుకు విసుక్కునేవాడి కంటే, అడగకముందే చూపించేవాడు నమ్మదగినవాడు.

అయితే కాగితాలతోనే పని అయిపోదు. 2024 ఫిబ్రవరిలో కులు జిల్లా డోభీలో తెలంగాణకు చెందిన ఒక యువతి టాండెమ్ ప్రయాణంలో కింద పడి మరణించింది. ఆ స్థలానికి అనుమతి ఉందని, పరికరాలు ఆమోదించినవేనని, పైలట్ పేరు నమోదై ఉందని, వాతావరణ సమస్య కూడా లేదని అధికారులు అప్పట్లో చెప్పారు. ప్రయాణికురాలి బెల్టును సరిచూడకపోవడమే కారణమని వారి ప్రాథమిక అంచనా. నిబంధనల పట్టికలో అన్నీ సరిగానే ఉండి, ఒక్క బెల్టు దగ్గర ప్రాణం పోయింది.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే హార్నెస్ గురించి తెలియాలి. ప్రయాణికుడు కూర్చునే బెల్టుల కూర్పు ఇది. ఛాతీకి ఒకటి, రెండు తొడల చుట్టూ రెండు బెల్టులు ఉంటాయి. రెండు భుజాల పక్క నుంచి రెండు లోహపు కొక్కేలు హార్నెస్‌ను రెక్కకు కలుపుతాయి. మొత్తం ఐదు బిగింపులు. వీటిలో ప్రాణాధారం తొడ బెల్టులు. అవి ఊడి ఉన్నా భుజాల మీద హార్నెస్ బిగువుగానే అనిపిస్తుంది, నేల మీద తేడా తెలియదు. కాళ్లు గాల్లోకి లేచాక బరువంతా చంకల మీద పడి శరీరం కిందికి జారుతుంది. పైలట్ రెండు చేతులూ రెక్కను నడిపే తాళ్ల మీద ఉంటాయి కాబట్టి అతను పట్టుకుని ఆపగలిగేది చాలా తక్కువ. తొడ బెల్టులు పెట్టకుండా ఛాతీ బెల్టు పడకుండా ఉండే రకం హార్నెస్‌లు ఈ పొరపాటును చాలావరకు అడ్డుకుంటాయి. అన్నిచోట్లా అవే ఉంటాయని మాత్రం అనుకోకూడదు.

ఈ పొరపాటు తరచుగా తొందరలో కంటే ఆలస్యంలో జరుగుతుంది. బెల్టులన్నీ పెట్టాక గాలి దిశ మారుతుంది. పావుగంట ఆగమంటారు. కూర్చోవడానికో, స్వెటర్ వేసుకోవడానికో ప్రయాణికుడు తొడ బెల్టులు విప్పుతాడు. ఇంతలో మంచి గాలి వస్తుంది. ఒకసారి చూశాం కదా అన్న ధీమాతో పైలట్ పరుగెత్తమంటాడు. బెల్టులు పెట్టింది ఒక సహాయకుడు, ఎగరేసేది మరొకరు అయితే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మంచి పైలట్ సహాయకుడి మాట మీద ఆధారపడడు. పరుగుకు ముందు ఐదు బిగింపులనూ తన చేత్తో లాగి చూస్తాడు, మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి చూస్తాడు. ప్రయాణికుడు కూడా వంగి తన రెండు తొడ బెల్టులను తడిమి చూసుకోవాలి. పైలట్ వరుసలో ముందున్నవారిని ఎలా పంపుతున్నాడో రెండు మూడు సార్లు గమనిస్తే, అతని అలవాటు తెలిసిపోతుంది.

బరువు అడగని నిర్వాహకుడినీ అనుమానించాలి. ప్రతి టాండెమ్ రెక్క మీద అది మోయగల కనిష్ఠ, గరిష్ఠ బరువులు రాసి ఉంటాయి. ఉదాహరణకు ఒక రెక్కకు ఆ పరిధి 120 నుంచి 220 కిలోలు అనుకుందాం. ఇది మనుషుల బరువే కాదు, పరికరాలతో కలిపి. పైలట్ 70, ప్రయాణికుడు 90, పరికరాలు 25 కిలోలైతే మొత్తం 185. ఇబ్బంది లేదు. అదే రెక్క కింద 90 కిలోల పైలట్, 110 కిలోల ప్రయాణికుడు వెళితే 225 అవుతుంది. హద్దు దాటితే రెక్క వేగం పెరుగుతుంది, దిగేటప్పుడు నేలను గట్టిగా తాకుతుంది. బరువు మరీ తక్కువైనా మంచిది కాదు. రెక్కలో బిగువు తగ్గి, కుదుపులకు ఒక పక్క ముడుచుకుపోయే అవకాశం పెరుగుతుంది. అలాంటప్పుడు పైలట్ సరిచేయలేకపోతే చివరి ఆధారం హార్నెస్‌లో మడిచి ఉంచే రిజర్వ్ పారాచూట్. దాన్ని కొన్ని నెలలకోసారి విప్పి మళ్లీ మడవాలి. ఆఖరిసారి ఎప్పుడు మడిచారని అడిగితే తేదీ చెప్పగలగాలి.

కొండ మీద గాలిని చదవడం పైలట్ పనే అయినా, కొన్ని గుర్తులు ఎవరికైనా కనిపిస్తాయి. పైకెగరడానికి గాలి ఎదురుగా, నిలకడగా రావాలి. గాలిసంచి ఒకసారి వేలాడి, మరుక్షణం కొట్టుకుంటూ దిశలు మారుస్తుంటే అది మంచి సమయం కాదు. కొండల వెనక నల్లటి మేఘాలు నిలువునా పెరుగుతున్నా అంతే. మిగతా పైలట్లంతా రెక్కలు మడిచి కూర్చున్నప్పుడు ఒక్కరే సిద్ధమవుతుంటే, అది ధైర్యమని పొరబడకూడదు. గాల్లో పిల్లిమొగ్గలు వేయిస్తామని ఆశపెట్టే పైలట్‌తో మొదటిసారి ఎగిరేవారు వెళ్లకపోవడమే మంచిది.

బయలుదేరే ముందు బీమా పత్రం కూడా చదవాలి. చాలా ప్రయాణ, ప్రమాద బీమాలు సాహస క్రీడల్లో తగిలిన గాయాలకు వర్తించవు. టికెట్‌తో పాటు బీమా ఉందని నిర్వాహకుడు చెబితే, అది ప్రయాణికుడి వైద్యానికా, మరణానికి మాత్రమేనా, మొత్తం ఎంత అని రాతపూర్వకంగా అడగాలి. ఇవన్నీ సరిపోయినా, కొండ అంచున ఏ ఒక్క బెల్టు గురించి సందేహం మిగిలినా ఎగరనని చెప్పి పక్కకు రావచ్చు. పరుగు మొదలయ్యే వరకు ఆ హక్కు ప్రయాణికుడిదే.