పోస్టరు అడుగున రాయాల్సిన ఒక్క వరుస

వినాయక చవితికి నెల ముందు కాలనీ కమిటీ మొదటి మీటింగు పెట్టుకుంటుంది. విగ్రహం ఎన్ని అడుగులు, మైకు ఎవరిది, అన్నదానం ఏ రోజు అన్న మాటలయ్యాక ఫ్లెక్సీల సంగతి వస్తుంది. ఇప్పుడు ఆ సమయంలో ఇంజనీరింగో డిగ్రీయో చదువుతున్న కుర్రాడో అమ్మాయో లేచి, "ఈసారి బొమ్మలు ఏఐతో చేద్దామండీ, పైసా ఖర్చుండదు" అనడం మామూలైంది. కోశాధికారికి ఆ మాట తీపిగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి కమిటీకి బొమ్మలు వేస్తున్న ఆర్టిస్టుకు మాత్రం మీటింగు అయిపోయాకే కబురు తెలుస్తుంది.

ఇలాంటి ప్రతిపాదన నోటిమాటగా కాక ఉత్తరంగా రావాలని నా అభిప్రాయం. కమిటీ ఖర్చు పెట్టేది ఇంటింటా వసూలు చేసిన చందా. రసీదు ఇచ్చి తీసుకున్న డబ్బు ఎటు పోయిందో, ఆ డబ్బుతో గోడకు అంటించిన బొమ్మ ఎలా తయారైందో అడిగే హక్కు చందా ఇచ్చినవారికి ఉంది. అలాంటి ఉత్తరం ఒకటి ఇక్కడ రాసి చూద్దాం. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసిందనుకుందాం. ఇందులో ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. మీ ఊరి ప్రెస్సు ధరలు వేసుకుంటే మీ లెక్క వస్తుంది.

"అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి నమస్కారం. ఈ ఏడాది ఉత్సవాల పోస్టర్లకు బొమ్మలు ఏఐతో తయారుచేసి, మన ఆర్టిస్టు గారితో దిద్దించి వాడదామని ప్రతిపాదిస్తున్నాను. పోయినేడు బొమ్మలకు 9,000, ప్రింటుకు 6,020, మొత్తం 15,020 రూపాయలు అయింది. ఈ ఏడాది 14,120 అవుతుంది. మిగిలేది 900 మాత్రమే."

"పైసా ఖర్చుండదు" అన్న మాటకూ ఈ 900కూ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో చూడాలి. మొదట ప్రింటు. నాలుగు ఫ్లెక్సీలు ఆరడుగులకు నాలుగడుగులు, మండపం ముందు పెద్దది పదడుగులకు ఎనిమిది. అన్నీ కలిపి 176 చదరపు అడుగులు. అడుగుకు 20 చొప్పున 3,520 రూపాయలు. గోడలకు అంటించే ఏ3 పోస్టర్లు వంద, ఒక్కొక్కటి 25 చొప్పున 2,500. బొమ్మ చేతితో వేసినా, కంప్యూటర్ పుట్టించినా ప్రెస్సువాడికి ఇచ్చేది ఇంతే. ఏఐ తగ్గించగలిగేది బొమ్మల ఖాతాలోని 9,000 మాత్రమే.

ఆ 9,000 స్థానంలో ఇప్పుడు నాలుగు ఖర్చులు చేరాయి. ఒక నెల చందా కట్టి తీసుకునే ఏఐ యాప్‌కు 2,000. ప్రూఫులకు 500. దిద్దుబాటుకూ అక్షరాలకూ ఆర్టిస్టుకు 4,000. తప్పుపడితే పెద్ద ఫ్లెక్సీ మళ్లీ కొట్టించడానికి పక్కన పెట్టిన 1,600. వెరసి 8,100. ఉత్తరం రాసిన అమ్మాయి ఇంకో వరుస కూడా చేర్చింది: "నా పని సుమారు 12 గంటలు, దీనికి డబ్బు వద్దు." ఇది గొప్ప కోసం రాసిన మాట కాదు. వచ్చే ఏడాది ఆమె ఉద్యోగానికి వెళ్లిపోతే ఆ 12 గంటల పనికి ఎవరో ఒకరికి డబ్బివ్వాలి. ఉచితంగా జరిగిన పనిని లెక్కలో చూపకపోతే, తర్వాత వచ్చే కోశాధికారి ఈ పద్ధతి చాలా చవక అనుకుని మోసపోతారు.

మరి 900 కోసం ఇంత అవస్థ ఎందుకు? ఉత్తరంలో జవాబుంది. పోయినేడు ఆ 9,000కు మూడు బొమ్మలే వచ్చాయి. ఈసారి తొమ్మిది రోజులకూ తొమ్మిది, కుంకుమార్చన రోజుకు ఒకటి, పిల్లల పాటల పోటీకి ఒకటి, అన్నదానానికి ఒకటి. డబ్బు మిగలడం ఇక్కడ అసలు లాభం కాదు, బొమ్మలు పెరగడం. ఈ మాట సూటిగా రాయడం నాకు నచ్చింది. కమిటీకి తొమ్మిది బొమ్మలు అక్కర్లేకపోతే ఈ ప్రతిపాదనను పక్కన పెట్టేయవచ్చు, తప్పేమీ లేదు.

దిద్దుబాటుకు 4,000 ఎందుకన్నది కమిటీలో తప్పకుండా వచ్చే ప్రశ్న. జవాబు బొమ్మలోనే కనిపిస్తుంది. వినాయకుడు ఏకదంతుడు. ఏఐ మాత్రం తరచు రెండు దంతాలూ నిండుగా వేస్తుంది. నాలుగు చేతుల్లో పాశం, అంకుశం ఉండాల్సిన చోట రెండూ కలిసిపోయిన ఏదో ఆయుధం వస్తుంది. ఒక్కోసారి పూలదండ వెనకాల అయిదో చెయ్యి తొంగిచూస్తుంది. ఉండ్రాళ్లు అని రాస్తే మడతలు మడతల మరాఠీ మోదకాలు పెడుతుంది. మన ఇళ్లలో విగ్రహం పైన కట్టే పాలవెల్లి అడిగితే పందిరో తోరణమో వేసి ఊరుకుంటుంది. ఈ యంత్రాలు నేర్చుకున్న బొమ్మల్లో మన ఇంటి చవితి తక్కువ, ముంబయి గణపతి ఎక్కువ. ఈ తప్పులు పట్టడానికి పూజ తెలిసిన కన్ను కావాలి, దిద్దడానికి బొమ్మ తెలిసిన చెయ్యి కావాలి. ఆ రెండూ ఉన్న మనిషి ఊళ్లోనే ఉన్నప్పుడు ఆయనకు 4,000 ఇవ్వడం దయ కింద రాదు, అది పనికి కూలి.

అక్షరాల సంగతి ఇంకా కష్టం. బొమ్మలోనే తెలుగు రాయమంటే "విఘ్నేశ్వర"లో ఘకారం కింద నావత్తు పోతుంది, "ఉత్సవం"లో సావత్తు గీతలా మారిపోతుంది. దూరం నుంచి తెలుగులాగే ఉంటుంది, దగ్గరికెళితే చదవలేం. అందుకే బొమ్మలో పైనా కిందా ఖాళీ వదిలేయమని అడిగి, అక్షరాలు విడిగా టైపు చేయించాలి. ఇక్కడా ఒక చిక్కుంది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్. దాన్ని అను ఫాంటులో నేరుగా అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మార్చేటప్పుడు ఒత్తులు జారిపోవచ్చు. రామభద్ర, మండలి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో అమర్చి పీడీఎఫ్‌గా ఇస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. అయినా తేదీ, తిథి, దాతల పేర్లు ఒక పెద్దమనిషి కాగితం మీద చదివి సంతకం పెట్టాకే ప్రెస్సుకు పంపాలి.

ప్రూఫులకు 500 ఎందుకు అన్నదానికి కారణం బొమ్మ సైజు. ఏఐ ఇచ్చే బొమ్మ వెడల్పు 1,536 చుక్కలు అనుకుందాం. దాన్ని పదడుగులకు, అంటే 120 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 13 చుక్కలు కూడా రావు, మొహం మసకబారుతుంది. నాలుగింతలు పెంచే సాఫ్ట్‌వేర్‌తో 6,144 చుక్కలు చేస్తే అంగుళానికి 51 వస్తాయి. దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్సీకి అది సరిపోతుంది. అదే ఫైలు ఏ3 కాగితం మీద అంగుళానికి 300 దాటుతుంది. కానీ పెంచే సాఫ్ట్‌వేర్ లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. చిన్న బొమ్మలో సరిగ్గా ఉన్న వేళ్లు, కిరీటంలోని రాళ్లు పెంచాక వంకర పోవచ్చు. కాబట్టి పెంచాకే మళ్లీ పరీక్షించాలి, మొహం ఉన్న ముక్కను చిన్న ఫ్లెక్సీ మీద కొట్టించి ఎండలో చూడాలి. తెర మీద మెరిసిన కాషాయం ప్రింటులో మందగించడం కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక అసలు విషయం, చెప్పడం. కొన్ని ఏఐ యాప్‌లు బొమ్మ ఫైలులోనే "ఇది ఏఐ తయారీ" అన్న గుర్తు దాస్తాయి. అంతా ఆ గుర్తే చెబుతుందిలే అనుకుంటే పొరపాటు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలుకు తగిలించిన సమాచారం మామూలుగా ఊడిపోతుంది, స్క్రీన్‌షాట్ తీసినా పోతుంది. ఫ్లెక్సీ మీద కొట్టించాక అది చదివేవాడే ఉండడు. గోడ ముందు నిలబడ్డ మనిషికి తెలియాలంటే కంటికి కనిపించే అక్షరాల్లో రాయడం ఒక్కటే దారి. ఉత్తరంలో ఆ వాక్యం ఇలా ఉంది:

"బొమ్మ ఏఐతో తయారైంది. దిద్దుబాటు, అక్షరాలు: మన కాలనీ ఆర్టిస్టు. బాధ్యత: ఉత్సవ కమిటీ."

"ఏఐ సాయంతో" అని రాయకపోవడం గమనించండి. ఆ మాట వింటే మనిషి వేసిన బొమ్మకు యంత్రం రంగులద్దిందేమో అనిపిస్తుంది. ఇక్కడ జరిగింది దానికి తిరగబడ్డ పని. ఆర్టిస్టు ఒప్పుకుంటే ఆయన పేరు వేయాలి. తను వేయని బొమ్మ కింద తన పేరు వద్దంటే దాన్నీ గౌరవించాలి. అక్షరాల ఎత్తుకు బోర్డులు రాసేవాళ్లు పాటించే ఒక మోటు లెక్క ఉంది, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు. మండపం ముందు జనం ఇరవై అడుగుల నుంచి చూస్తారనుకుంటే ఆ వరుస రెండు అంగుళాలు ఉండాలి. దాతల పేర్ల వరుస ఎంత ఎత్తో ఇదీ అంతే ఉంటే ఎవరూ దాచారనుకోరు.

ఈ వరుస రాసినా చేయకూడనివి కొన్ని ఉన్నాయి, వాటిని ఉత్తరం ముందే ఒప్పుకుంది. అన్నదానం పోస్టరు మీద వేలమంది కూర్చుని భోంచేస్తున్నట్టు ఫొటోలాంటి బొమ్మ వేయకూడదు. నిరుడు మన దగ్గర తిన్నది మూడొందల మందైతే ఆ బొమ్మ చూపి చందా అడగడం మోసం. ప్రతిష్ఠించేది అయిదడుగుల మట్టి విగ్రహమైతే ముప్ఫై అడుగుల మూర్తిని మన మండపంలో ఉన్నట్టు చూపకూడదు. నాయకుల, సినిమావాళ్ల, దాతల మొహాలు పుట్టించకూడదు. ఫలానా చిత్రకారుడి పద్ధతిలో వేయమని యంత్రాన్ని అడగకూడదు. బాపు గారు 2014లో పోయారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ల దాకా ఆయన బొమ్మలకు కాపీరైటు ఉంటుంది. శైలికి కాపీరైటు లేదని వాదించవచ్చు. కానీ బాపు బొమ్మలా కనిపించేదాన్ని గోడకు అంటిస్తే చూసినవారు అది ఆయనదే అనుకుంటారు, పైన చెప్పిన వరుస పెట్టిన ప్రయోజనమే పోతుంది. పాత అందం కావాలనుకుంటే రాజా రవివర్మ బొమ్మలున్నాయి. ఆయన 1906లో పోయారు, ఆ బొమ్మల కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఏఐ అవసరమే లేదు.

ఉత్తరం చివర మూడు కాగితాలు జతచేసి ఉన్నాయి. ఖర్చుల పట్టిక ఒకటి. మండపం దగ్గర బోర్డుకు అంటించడానికి, ఏ బొమ్మ ఏ యాప్‌లో ఏ రోజు తయారైందో, అందులో ఏం దిద్దారో రాసిన చీటీ ఒకటి. దిద్దక ముందూ దిద్దాకా పక్కపక్కన పెట్టిన ప్రూఫు ఒకటి. ఆ కింద ఆఖరి మాటలు:

"ఆర్టిస్టు గారితో నేను ముందే మాట్లాడాను. దిద్దుబాటు పనికి ఒప్పుకున్నారు. కమిటీ వద్దంటే పోయినేటిలాగే మూడు బొమ్మలూ తనే వేస్తానన్నారు, అందుకు ఆయనకు ఇరవై రోజులు కావాలట. కాబట్టి ఈ ఆదివారం మీటింగులోనే ఏదో ఒకటి తేల్చమని కోరుతున్నాను. ఇట్లు, మీ కాలనీ అమ్మాయి."