అరిచిన మర్నాడు పంపే మెసేజ్

ఫోన్ గురించి కేకలు పడ్డ రాత్రే మెసేజ్ పెట్టకండి. ఇద్దరి కోపమూ చల్లారాక, మర్నాడు పంపండి. ఇంటర్ చదివే కొడుక్కి ఓ తల్లి ఇలా రాయొచ్చు:

"నాన్నా, రాత్రి ఫోన్ లాక్కుని అరిచాను. అలా చేయాల్సింది కాదు. 12 దాటినా నువ్వు పడుకోలేదని నా భయం. అంతసేపు ఏం చూస్తున్నావో నిన్ను అడగనే లేదు. సాయంత్రం టీ తాగుతూ చెప్తావా?"

తప్పు ఒప్పుకున్న వెంటనే 'నువ్వూ ఎదురు మాట్లాడావుగా' అని చేర్చలేదు, గమనించండి. చేరిస్తే పిల్లాడికి ఆ ఒక్క మాటే వినిపిస్తుంది. రాత్రి ఫోన్ ఎక్కడ పెట్టాలన్న నియమం కూడా ఇందులో వద్దు, అది ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాల్సింది. జవాబుగా "సరే" అన్న ముక్క ఒక్కటే వచ్చినా చాలు. వెంటనే ఇంకో మెసేజ్ పెడితే నిలదీసినట్టుంటుంది.