కల్పిత సంఖ్య ఎక్కడికి పోయింది సార్?

బీటెక్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి రాత్రి పదకొండు దాటాక నాకు ఈమెయిల్ పంపింది. ఆ ఉత్తరం సారాంశం ఇది.

"నమస్కారం సార్. ఇవాళ క్లాసులో చేసిన లెక్కలో ఐగెన్ విలువలు -1+2i, -1-2i వచ్చాయి. చివరి జవాబులో మాత్రం cos, sin ఉన్నాయి, i లేదు. మీరు చెప్పినట్టే వాస్తవ భాగం, కల్పిత భాగం విడదీసి రాశాను. జవాబు పుస్తకంతో సరిపోయింది. కానీ సార్, i ని అలా వదిలేయడానికి మనకేం హక్కుంది? స్ప్రింగుకి వేలాడే గుండుకీ √-1 కీ ఏం సంబంధం?"

ఆ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ఈ సందేహం చాలామందికి వస్తుంది గానీ అడిగేవాళ్లు తక్కువ, మార్కులు వచ్చేస్తాయి కాబట్టి.

ఆమె చెప్పిన లెక్క ఇది. స్ప్రింగుకి ఒక కిలో గుండు వేలాడుతోంది. విశ్రాంతి స్థానం నుంచి గుండు ఎంత జరిగిందో x, దాని వేగం v. స్ప్రింగు వెనక్కి లాగుతుంది, చుట్టూ ఉన్న ద్రవమో గాలో వేగాన్ని అడ్డుకుంటుంది. ఈ రెండింటినీ సమీకరణాలుగా రాస్తే:

x' = v
v' = -5x - 2v

గీత గుర్తు అంటే ఆ రాశి క్షణక్షణానికీ మారే రేటు. 5 స్ప్రింగు బిగువు, 2 అడ్డుకునే శక్తి. ఇక్కడ అన్నీ మామూలు సంఖ్యలే.

ఇప్పుడు ఐగెన్ విలువల సంగతి. ఐగెన్ అనేది జర్మన్ మాట, 'తనదైన' అని అర్థం. x ని అడ్డంగా, v ని నిలువుగా తీసుకుని ఒక తలం గీస్తే, గుండు స్థితి ఏ క్షణానికైనా ఆ తలం మీద ఒక చుక్క. మధ్య బిందువు నుంచి ఆ చుక్కకి ఒక బాణం గీద్దాం. సమీకరణాల్లోని మాత్రిక ప్రతి బాణాన్నీ తీసుకుని, చుక్క ఇప్పుడు ఎటు ఎంత వేగంగా కదలాలో చెప్పే మరో బాణాన్ని ఇస్తుంది. సాధారణంగా ఈ రెండు బాణాల దిశలు వేరు. దిశ మారని బాణం దొరికితే లెక్క సుళువవుతుంది, ఎందుకంటే ఆ దారిలో బయలుదేరిన చుక్క ఆ గీత వెంటే వెళుతుంది. అలాంటి బాణం ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యే ఐగెన్ విలువ.

మన లెక్కలో ఆ సంఖ్య కోసం వెతికితే λ² + 2λ + 5 = 0 వస్తుంది. ఇంటర్లో నేర్చుకున్న సూత్రం వేస్తే వర్గమూలం కింద 4 - 20, అంటే -16. అందుకే -1 ± 2i.

మొదట నేను రాసిన జవాబు రెండు వాక్యాలే: "రెండు ఐగెన్ విలువలు ఒకదానికొకటి సంయుగ్మాలు. వాటి పరిష్కారాలు కలిపితే i లు కొట్టేసుకుంటాయి." మర్నాడు పొద్దున్నే తిరుగు టపా వచ్చింది. "కలిపితే పోతాయి సార్, నిజమే. కానీ కలపమని ఎవరు చెప్పారు? సాధారణ పరిష్కారంలో c₁, c₂ ఏవైనా కావచ్చన్నారు. నేను 3, 7 తీసుకుంటే i మిగిలిపోతుంది కదా?"

ఆమె మాట సరైనది. నా జవాబే సగంలో ఆగింది. కాగితం తీసుకుని ఈసారి మొదటి నుంచీ రాశాను.

ముందు ఐగెన్ విలువల్ని పక్కనపెట్టమన్నాను. గుండుని 10 సెంటీమీటర్లు లాగి వదిలాం. మొదటి క్షణంలో x = 10, v = 0. రెండో సమీకరణం ప్రకారం వేగం మారే రేటు -50. సెకనులో నూరో వంతు గడిస్తే వేగం దాదాపు -0.5, గుండు ఇంకా 10 దగ్గరే ఉంది. మరో నూరో వంతుకి స్థానం 9.995, వేగం -0.99. ఇలా గంటల తరబడి వేసుకుంటూ పోవచ్చు. మనం చేసేది గుణకారం, కూడిక, అంతే. వాస్తవ సంఖ్యలతో ఈ రెండూ చేస్తే వాస్తవ సంఖ్యలే వస్తాయి. అడుగు ఎంత చిన్నది చేసినా ఇంతే. √-1 చొరబడే సందే లేదు.

అంటే ప్రశ్నను తిరగేసి అడగాలి. మాత్రికలో ఉన్నవి వాస్తవ సంఖ్యలు, మొదలుపెట్టింది వాస్తవ స్థితి. అప్పుడు జవాబు ఎప్పుడూ వాస్తవమే. అసలు తేల్చాల్సింది i ఎలా పోయిందన్నది కాదు, ఎలా వచ్చిందన్నది. దాన్ని తెచ్చింది మనమే, దిశ మారని బాణం కావాలని అడిగి. ఊగే గుండుకి అలాంటి బాణం ఉండదు. గుండు మధ్య స్థానం దాటేటప్పుడు x సున్నా, v సున్నా కాదు. చివరికి వెళ్లి ఆగినప్పుడు v సున్నా, x సున్నా కాదు. కాబట్టి తలం మీద చుక్క ఒకే గీత వెంట పోలేదు, మధ్య బిందువు చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి వస్తుంది. తిరిగేదానిలో తిరగని దిశ కోసం వెతికితే, వాస్తవ సంఖ్యల్లో అలాంటిది లేదని సమీకరణం చెప్పే తీరే ఆ -16.

ఇక 3, 7 సంగతి. c₁, c₂ ఏవైనా కావచ్చు, అవి సమీకరణానికి సరిపోతాయి కూడా. కానీ మన గుండుకి సరిపోవు, అది 10 దగ్గర నిశ్చలంగా మొదలైంది కదా. ఆ రెండు షరతులూ రాస్తే:

c₁ + c₂ = 10
c₁(-1+2i) + c₂(-1-2i) = 0

సాధిస్తే c₁ = 5 - 2.5i, c₂ = 5 + 2.5i. ఇవీ సంయుగ్మాలే! మనం ఎంచుకున్నవి కావు, వాస్తవ స్థితి నుంచి మొదలుపెట్టడం వల్ల తప్పనిసరిగా వచ్చినవి. అందుకే పరిష్కారంలోని రెండు ముక్కలూ ప్రతి క్షణం ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. కలిపితే మిగిలేది ఇది:

x = e^(-t) (10 cos 2t + 5 sin 2t)

మనం i ని ఎక్కడా పారేయలేదు. 'వాస్తవ భాగం తీసుకోండి' అని క్లాసులో చెప్పేది ఈ పనికి దగ్గరి దారి మాత్రమే. వాస్తవ మాత్రిక ఉన్నప్పుడు ఒక సంకీర్ణ పరిష్కారంలోని వాస్తవ భాగం, కల్పిత భాగం విడివిడిగా కూడా పరిష్కారాలే అవుతాయి, ఎందుకంటే మాత్రిక ఆ రెంటినీ ఒకదాంతో ఒకటి కలపదు.

మధ్యలో i వచ్చి చివరికి పోవడం గణితంలో పాత సంగతే. 1572లో ఇటలీలో బొంబెల్లి x³ = 15x + 4 అనే సమీకరణాన్ని చూశాడు. x = 4 సరిపోతుందని ఎవరికైనా కనిపిస్తుంది: 64 = 60 + 4. కానీ అంతకుముందు కార్డానో ప్రచురించిన సూత్రం వేస్తే √-121 ఎదురవుతుంది. బొంబెల్లి భయపడకుండా ముందుకెళ్లాడు. సూత్రంలోని రెండు ముక్కలూ ఇప్పటి రాతలో 2 + i, 2 - i అని తేల్చాడు. కలిపితే 4. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇదే మొదటి రూపం అని నాకు అనిపిస్తుంది.

అయితే i పోయినా, అది తెచ్చిన సమాచారం జవాబులోనే ఉంది. ఒక సంఖ్యని i తో గుణిస్తే సంకీర్ణ తలంలో అది 90 డిగ్రీలు తిరుగుతుంది. λ లోని 2i అంటే సెకనుకి 2 రేడియన్ల చొప్పున తిరగడం, -1 అంటే తిరుగుతూనే కుంచించుకుపోవడం. తిరగలి తిప్పుతున్నప్పుడు పక్క నుంచి దీపం వెలుగు పడితే, గోడ మీద దాని పిడి నీడ గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. మన x అలాంటి నీడే. ఒక సంకీర్ణ సంఖ్య ఒకవైపు సుడి తిరుగుతుంది, దాని సంయుగ్మం ఎదురువైపు తిరుగుతుంది. కలిపినప్పుడు నిలువు భాగాలు ఒకదాన్నొకటి రద్దు చేస్తాయి, అడ్డ భాగం రెట్టింపవుతుంది. ఆ అడ్డ భాగమే గుండు ఊగడం.

ఈ లెక్కని గడియారంతో పోల్చి చూడొచ్చు. గుండు వదిలిన దాదాపు 1.02 సెకన్లకి మధ్య స్థానం దాటుతుంది. 1.57 సెకన్లకి అవతలివైపు సుమారు 2.1 సెంటీమీటర్ల దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది. 3.14 సెకన్లకి, అంటే ఒక పూర్తి ఊపు అయ్యేసరికి, ఇవతలివైపు మిగిలేది 4.3 మిల్లీమీటర్లే.

అదే గుండుని చిక్కటి నూనెలో ముంచి, అడ్డుకునే శక్తిని 2 నుంచి 6 కి పెంచామనుకోండి. అప్పుడు λ² + 6λ + 5 = 0, విలువలు -1, -5. i లేదు. లాగి వదిలిన గుండు ఒక్కసారి కూడా మధ్య స్థానం దాటదు, మెల్లగా దాని దగ్గరికి చేరుతూ ఉంటుంది. తలుపు కొట్టుకోకుండా మూసే పరికరాన్ని బిగించేవాళ్లు కోరుకునేది ఈ కదలికనే. రెండింటికీ మధ్య గీత 4.47 దగ్గర ఉంది. అడ్డుకునే శక్తి దానికంటే తక్కువైతే ఐగెన్ విలువల్లో i ఉంటుంది, గుండు ఊగుతుంది.

ఈ వాదనంతా మాత్రికలో వాస్తవ సంఖ్యలున్నాయన్న ఒక్క మాట మీద నిలబడింది. సమీకరణంలోనే i ఉంటే సంయుగ్మాలు జంటగా రావాల్సిన పనిలేదు, జవాబు నిజంగానే సంకీర్ణం కావచ్చు. 1926లో ష్రోడింగర్ ప్రచురించిన క్వాంటం సమీకరణం అలాంటిదే. అక్కడ వాస్తవ భాగం మాత్రం ఉంచుకుని మిగతాది వదిలేస్తే లెక్క తప్పుతుంది.

రెండు రోజుల తర్వాత మూడో ఈమెయిల్ వచ్చింది. "అర్థమైంది సార్. ఇంకొక్కటి. మొదటి ఐగెన్ విలువ నుంచి వాస్తవ, కల్పిత భాగాలుగా రెండు పరిష్కారాలు తీశాం. రెండోదాన్నుంచి కూడా రెండు తీస్తే నాలుగు వస్తాయి. రెండే చాలంటారేం?"

ఈసారి నేను జవాబు చెప్పలేదు. "-1-2i తో చేసి చూడమ్మా, వచ్చినవాటిని మొదటి రెండింటి పక్కన పెట్టు" అని రాశాను. సాయంత్రానికి కాగితం ఫోటో పంపింది. e^(-t) cos 2t మళ్లీ వచ్చింది. e^(-t) sin 2t కూడా వచ్చింది, ముందు ఒక మైనస్ గుర్తుతో. ఆ మైనస్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన "పాతవే" అని రాసుకుంది.