పాట ఎక్కడ ఆపాలి?

పుట్టినరోజు పార్టీలో మ్యూజికల్ చైర్స్ మొదలైతే పెద్దవాళ్ళ చూపంతా కుర్చీల మీదే ఉంటుంది. ఆట నడిచేది మాత్రం ఫోన్ పట్టుకున్నవాళ్ళ బొటనవేలి మీద. ఏ పాట పెట్టారు, దాన్ని ఎక్కడ ఆపారు అన్న ఈ రెండు విషయాల్లో తేడా వస్తే పది నిమిషాల ఆట అరగంట తగువు అవుతుంది. మన చెమ్మచెక్కలోనూ ఒప్పులకుప్పలోనూ ఆడేవాళ్ళే పాడుకుంటారు కాబట్టి ఈ ఇబ్బంది లేదు. ఇక్కడ పాట ఒకరి చేతిలో, పరుగు ఇంకొకరి కాళ్ళలో.

ముందు పాట సంగతి. కుర్చీల చుట్టూ తిరగడానికి కావలసింది నడిపించే పాట, పరుగెత్తించేది కాదు. ఇంట్లోనే చూసుకోవచ్చు: పాట పెట్టి, దరువుకు తగ్గట్టు కాలు కొడుతూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 110 నుంచి 125 లోపు వస్తే పిల్లలు హుషారుగా నడుస్తారు. 140 దాటితే పరుగే. గచ్చు మీద సాక్సులతో పరుగెత్తే పిల్లాడు కుర్చీతో సహా జారతాడు. నా ఓటు కోలాటం పాటలకు. అవి పుట్టిందే గుండ్రంగా తిరిగే అడుగు కోసం. కాకపోతే కోలాటం మెల్లగా మొదలై పోనుపోను జోరందుకుంటుంది కాబట్టి మొదటి సగమే వాడుకోవాలి.

సినిమా పాటైతే పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బీజీఎం ముక్క బంగారం. మాటలుండవు, దరువు ఒకే తీరుగా సాగుతుంది, ఎక్కడ తెగుతుందో ఎవరికీ అంతుపట్టదు. పల్లవి దగ్గర చిక్కేమిటంటే పిల్లలకది కంఠతా వచ్చు. లైను ముగిసే చోట ఆపడం మనకు అలవాటు, ఆ అలవాటును వాళ్ళు రెండు రౌండ్లలో పసిగడతారు. లైను చివరికి వస్తోందనగానే అడుగు నెమ్మదించి, ఒక చేయి కుర్చీ వీపు మీద వేసి కాచుకుంటారు. అది కనబడిందంటే మీరు దొరికిపోయినట్టే. లైను మధ్యలో, వీలైతే మాట మధ్యలో తెంచేయండి.

ఎంతసేపు వాయించాలన్నదీ ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది. పదిమంది పిల్లలు, తొమ్మిది కుర్చీలు అనుకుందాం. మొదటి రౌండు 20 సెకన్లు, తర్వాత 12, ఆపైన 28, వెంటనే 6, మళ్ళీ 18. ఆ ఆరు సెకన్ల రౌండు చాలా అవసరం. ఇంకా చాలాసేపు ఉందిలే అనుకుని కబుర్లలో పడ్డవాళ్ళను అది ఉలిక్కిపడేలా చేస్తుంది. పాట ఆపేటప్పుడు పిల్లలకు వీపు తిప్పి నిలబడాలి. చూస్తూ ఉంటే మనకు తెలియకుండానే మనవాడు కుర్చీ ముందుకు వచ్చినప్పుడే వేలు పడుతుంది. ఎదురింటి పిల్ల అది గమనించకుండా ఉండదు.

ఇక లెక్క. ఒక్కో రౌండుకు పాట సగటున 15 సెకన్లు, కుర్చీ తీయడానికీ "అంకుల్, నేనే ముందు కూర్చున్నా" తీర్పులకూ మరో అర నిమిషం. తొమ్మిది రౌండ్లు ఏడు నిమిషాల్లో తేలిపోతాయి. అదే ఇరవై మంది ఉంటే పంతొమ్మిది రౌండ్లు, పావుగంట దాకా పడుతుంది. మొదట అవుటైన అయిదేళ్ళ పిల్ల అంతసేపూ గోడ దగ్గర నిలబడదు, నేరుగా కేకు బల్ల దగ్గరికి వెళ్ళి క్రీములో వేలు పెడుతుంది. అందుకని 18 కుర్చీలతో మొదలుపెట్టి రౌండుకు రెండేసి తీయాలి. ఇద్దరు మిగిలాక ఒక్క కుర్చీ. పది రౌండ్లలో ఆట అయిపోతుంది. కూర్చున్న తగువుకు తీర్పు కూడా ముందే చెప్పి పెట్టండి: కుర్చీకి ఆనుకుని కింద ఎవరున్నారో వాళ్ళదే. చేతులున్న కుర్చీలు ఈ ఆటకు పనికిరావు. పక్కనుంచి వచ్చి కూర్చోవడం కుదరదు, మోచేతులు కొట్టుకుంటాయి. నాలుగేళ్ళ లోపు వాళ్ళకు అసలు కుర్చీలే వద్దు, నేల మీద చాపముక్కలు పరిస్తే చాలు.

ఫోన్ కూడా ఆట చెడగొట్టగలదు. పాట మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, సంగీతం దానంతటదే ఆగుతుంది, పిల్లలందరూ దబ్బున కూర్చుంటారు. ఆ రౌండు చెల్లుతుందా లేదా? ఏ తీర్పు చెప్పినా సగంమంది అలుగుతారు. ఉచిత యాప్‌లో అయితే పాట బదులు సబ్బు ప్రకటన వస్తుంది. పాటలు ముందుగా దించుకుని, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ స్పీకరైతే బ్లూటూత్ మాత్రం మళ్ళీ ఆన్ చేసుకోండి. కొన్ని యాప్‌లు పాజ్ నొక్కితే పాటను టక్కున ఆపవు, మెల్లగా తగ్గించి ఆపుతాయి. చెవి చురుకైన పిల్లాడికి అది ముందస్తు కబురు. ఒకసారి ఇంట్లో నొక్కి చూసుకోవాలి.

ఫ్రీజ్ డాన్స్‌లో కథ తిరగబడుతుంది. మనం చిన్నప్పుడు ఆడిన "స్టాచ్యూ" ఆటకు పాట తోడైందనుకోండి. పాట ఉన్నంతసేపూ ఎగరాలి, ఆగగానే ఎలా ఉన్నవాళ్ళు అలా బిగుసుకుపోవాలి. కుర్చీలాటలో బాగా తెలిసిన పాట చేటు, ఇక్కడ అదే మేలు. స్టెప్పు వచ్చిన పాటకే పిల్లలు సిగ్గు వదిలి ఎగురుతారు. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ సినిమాలోని "నాటు నాటు" దీనికి అచ్చంగా సరిపోతుంది. కీరవాణి దాన్ని ఆరు మాత్రల ఊపులో కట్టారు, తీన్‌మార్ డప్పుకు ఎగిరిన ఒంటికి ఆ ఊపు ఇట్టే పట్టుబడుతుంది. సినిమాలోనూ అది ఒక ఆటే కదా: ఆడలేనివాళ్ళు ఒక్కొక్కరే కూలబడతారు, చివరికి ఇద్దరు మిగులుతారు, ఒకడు స్నేహితుడి కోసం కావాలని పడిపోతాడు. ప్రేమ్ రక్షిత్ కట్టిన ఆ స్టెప్పులో కాళ్ళు ఒకచోట నిలవవు. కాలు గాల్లో ఉన్నప్పుడు పాట ఆపితే ఒంటికాలి మీద ఊగుతూ నిలబడే పిల్లల్ని చూసి పెద్దవాళ్ళు కూడా నవ్వాపుకోలేరు. బిగుసుకుని ఉండాల్సింది అయిదు సెకన్లు, చిన్నవాళ్ళకు మూడు. అంతకుమించితే కదలని వాళ్ళెవరూ ఉండరు, ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. ఉత్త తీన్‌మార్ బ్యాండు పెట్టినా బ్రహ్మాండంగా నడుస్తుంది, మాటల గొడవే లేదు.

మాటల గొడవ చిన్నదేమీ కాదు. కుర్చీలాట అనగానే ఎవరో ఒకరు 2024 సంక్రాంతికి వచ్చిన గుంటూరు కారంలోని "కుర్చీ మడతపెట్టి" పెట్టమంటారు. పేరులో కుర్చీ ఉంది, దరువూ ఊపేస్తుంది. ఆ మాట వెనకున్నది మాత్రం బూతు తిట్టు. అమ్మమ్మలు కూర్చున్న హాల్లో ఆరేళ్ళవాడు దాన్ని గొంతెత్తి పాడితే బాగుండదు. పిల్లలు మరీ పట్టుబడితే దాని వాయిద్యం ట్రాక్ పెట్టి ఊరుకోండి. ఏ పాటైనా పార్టీకి ముందు చివరిదాకా వినాలి, చాలాసార్లు తేడా మాట రెండో చరణంలో ఉంటుంది.

అవుటైన పిల్లల ఏడుపుకు నాకు తెలిసిన మందు ఒక్కటే. అవుటైన వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి, వీపు తిప్పి నిలబెట్టి, పాట ఆపే పని అప్పగించండి. ఒక్కొక్కరికి ఒక్క రౌండే, తర్వాత ఫోన్ కొత్తగా అవుటైన వాళ్ళది. రాసిపెట్టుకున్న కాగితం ఇక అక్కర్లేదు, పిల్లలు ఎప్పుడు ఆపుతారో వాళ్ళకే తెలియదు. కాకపోతే ఒక చిక్కు: రెండో ఆట మొదలయ్యేసరికి కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడి, "ఆంటీ, నేను అవుట్, ఫోన్ ఇవ్వండి" అనేవాళ్ళు తయారవుతారు. అలా కావాలని ఓడినవాళ్ళకు ఫోన్ లేదని మొదట్లోనే చెప్పేయాలి.